టేక్-హోమ్ అసైన్‌మెంట్ గడువు పెంచమని అడగడం: ఆఫీసులో తప్పని పని పడినప్పుడు అనుసరించవలసిన క్రమం

ఉద్యోగం చేస్తూనే మరో కంపెనీకి ప్రయత్నిస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంటి దగ్గర చేసి పంపమని అసైన్‌మెంట్ ఇచ్చారు, శుక్రవారం గడువు పెట్టారు, ఇంతలో ఆఫీసులో రిలీజ్ మీద పడింది. ఇప్పుడు గడువు పెంచమంటే అవకాశం చేజారిపోతుందా అన్నదే ఆ ప్రశ్న. వేళకు అడిగి, ఎప్పటికి ఇస్తారో కచ్చితంగా చెబితే సాధారణంగా చేజారదు. ఆఖరి గంటల్లో, తేదీ చెప్పకుండా అడిగినప్పుడే ఇబ్బంది వస్తుంది.

అడిగే ముందు అవతలి పక్క ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. మీతో మాట్లాడుతున్న రిక్రూటర్ చాలా కంపెనీల్లో ఈ నిర్ణయం ఒంటరిగా తీసుకోరు. మీ అసైన్‌మెంట్ చూడడానికి ఒక ఇంజనీరు తన పనిలోంచి గంటో రెండు గంటలో పక్కన పెట్టుకుని ఉంటారు, ఆ తర్వాతి రౌండుకు ప్యానెల్ స్లాట్ కూడా అనుకుని ఉండవచ్చు. రిక్రూటర్ మీ మెయిల్‌ను ఆ ఇంజనీరుకో మేనేజరుకో పంపి, వారు సరేనన్న తర్వాతే మీకు జవాబిస్తారు. అందువల్ల మీరు రాసేది ఎవరూ మళ్లీ వివరణ అడగనవసరం లేకుండా, ఉన్నదున్నట్టుగా మరొకరికి పంపగలిగేలా ఉండాలి. కింద చెప్పిన అడుగులన్నీ ఈ ఒక్క అవసరం నుంచి వచ్చినవే.

## 1. అసైన్‌మెంట్ అందిన రోజే చూడవలసినవి

ఆ రోజు పని మొదలుపెట్టే తీరిక లేకపోయినా, అసైన్‌మెంట్ పత్రం మాత్రం మొదటి నుంచి చివరి దాకా చదవండి. మూడో రోజు తెరిచి, ఇందులో ఇంత ఉందని అప్పుడు తెలుసుకుని గడువు అడిగేవారికీ, మొదటి రోజే చదివి అడిగేవారికీ మధ్య తేడా అవతలివారికి ఇట్టే తెలుస్తుంది.

చదివే ముందు ఒక జాగ్రత్త అవసరం. వచ్చింది పత్రమో రిపోజిటరీనో అయితే నిశ్చింతగా తెరవవచ్చు. పరీక్షా వేదిక లింకు అయితే అందులో రెండు వేర్వేరు గడువులు ఉండవచ్చు: లింకు ఏ తేదీ వరకు పనిచేస్తుందన్నది ఒకటి, మొదలుపెట్టిన తర్వాత ఎన్ని గంటలు ఇస్తారన్నది రెండోది. స్టార్ట్ బటన్ నొక్కిన క్షణం నుంచి గడియారం నడిచే లింకును ఏముందో చూద్దామని నొక్కకండి. గడియారం మొదలైన తర్వాత రిక్రూటరుకు ఇష్టమున్నా పొడిగించడం కష్టమవుతుంది. మొదలుకాక ముందైతే కొత్త తేదీతో మరో లింకు పంపడం వారికి చిన్న పని.

ఆ తర్వాత గడువు వేళను కచ్చితంగా రాసుకోండి. శుక్రవారం సాయంత్రంలోగా అని మాత్రమే ఉంటే, ఏ దేశపు సాయంత్రమో తేల్చుకోవాలి. కాలిఫోర్నియాలో శుక్రవారం సాయంత్రం ఐదు గంటలంటే, అక్కడి వేసవి కాలమానం ప్రకారం మనకు శనివారం తెల్లవారుజామున 5:30, చలికాలంలో 6:30. లండన్ సాయంత్రం ఐదు అయితే మనకు అదే రాత్రి 9:30 గాని 10:30 గాని అవుతుంది. ఒక్కోసారి ఈ లెక్క సరిచూసుకుంటే చాలు, అదనపు గడువు అవసరమే ఉండదు. హైదరాబాద్ కార్యాలయం నుంచి మెయిల్ వచ్చినా చూసేవారు బయటి దేశంలో ఉండవచ్చు కనుక, అనుమానముంటే ఒక్క వాక్యంలో అడిగేయండి.

ఇదే రోజు చేయవలసిన మరో చిన్న పని ఉంది. అసైన్‌మెంటును సొంత ల్యాప్‌టాప్‌లోనే చేయండి, గిట్‌లో మీ సొంత మెయిల్ ఉందో లేదో సరిచూసుకోండి. ఆఫీసు మెయిల్ ఉన్న సెట్టింగుతో కమిట్ చేస్తే, ఆ చిరునామా కొత్త కంపెనీ చూసే ప్రతి కమిట్ మీదా కనిపిస్తుంది.

```
git config user.email
```

## 2. ఎన్ని గంటలు కావాలో, ఎన్ని గంటలు ఉన్నాయో లెక్కవేయడం

లెక్క లేకుండా అడిగితే ఇంకో రెండు మూడు రోజులు కావాలన్న మాటే వస్తుంది. ఆ మాటతో రిక్రూటర్ ఏమీ చేయలేరు. ఒక ఉదాహరణ తీసుకుని పూర్తిగా లెక్కవేద్దాం.

నాలుగేళ్ల అనుభవమున్న ఒక బ్యాకెండ్ డెవలపర్ అనుకోండి. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో, బ్యాంకు క్లయింటు ప్రాజెక్టులో పనిచేస్తున్నారు. సోమవారం మధ్యాహ్నం కొత్త కంపెనీ నుంచి అసైన్‌మెంట్ వచ్చింది: మీటింగ్ గదులు బుక్ చేసుకునే ఏపీఐ రాయాలి, ఒకే గదిని ఒకే వేళకు ఇద్దరు బుక్ చేయకుండా చూడాలి, టెస్టులు రాయాలి, ఎలా నడపాలో `README.md`లో వివరించాలి. శుక్రవారం సాయంత్రం ఆరింటికి గడువు. నాలుగు నుంచి ఆరు గంటల్లో అయిపోతుందని పత్రంలో ఉంది.

మంగళవారం ఉదయం పదకొండింటికి ఆఫీసులో మేనేజర్ చెప్పారు: వచ్చే వారం జరగవలసిన ప్రొడక్షన్ రిలీజును క్లయింటు ఈ గురువారం రాత్రికి మార్చారు. రాత్రంతా డెప్లాయ్‌మెంట్, శుక్రవారం మధ్యాహ్నం వరకు లావాదేవీలు సరిగా నడుస్తున్నాయో లేదో చూసుకోవడం, ఈ రెండూ ఆ మాడ్యూల్ రాసిన మన డెవలపర్ బాధ్యతే.

ముందుగా పనికి పట్టే వేళ. పత్రంలో ఆరు గంటలని ఉన్నా, టెస్టులూ రీడ్‌మీ కలిపి ఎనిమిది గంటలుగా వేసుకోవడం మంచిది. ఇచ్చినవారు ఆ సమస్య ముందే తెలిసిన మనసుతో అంచనా వేస్తారు, మీరు కొత్తగా చూస్తారు.

తర్వాత చేతిలో ఉన్న వేళ:

- సోమవారం రాత్రి గంటన్నర. పత్రం చదవడం, డేటాబేస్ పట్టికలు అనుకోవడం పూర్తయ్యాయి.
- మంగళవారం రాత్రి రెండు గంటలు.
- బుధవారం రాత్రి గంట. రిలీజుకు ముందు రోజు కనుక అంతకంటే ఆశించడం తప్పు.
- గురువారం ఏమీ లేదు.
- శుక్రవారం ఏమీ లేదు. రాత్రంతా మేలుకుని, మధ్యాహ్నం వరకు పనిచేసిన మనిషి సాయంత్రంలోగా నాణ్యమైన కోడ్ రాయలేడు.

మొత్తం నాలుగున్నర గంటలు. ఇంకా మూడున్నర గంటలు తక్కువ. ఆ మూడున్నర గంటలు శనివారం సాయంత్రం, ఆదివారం ఉదయం దొరుకుతాయి. ఆదివారం మధ్యాహ్నానికి పని పూర్తవుతుంది.

అయితే అడగవలసిన గడువు ఆదివారం మధ్యాహ్నమా? సోమవారం ఉదయం పదింటికి అడగడం మేలని నా అభిప్రాయం. ఆదివారం పంపినా సాధారణంగా ఎవరూ తెరవరు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పంపినా, చూసే ఇంజనీరు చాలావరకు సోమవారం ఉదయమే తెరుస్తారు. వారి పనిదినాల్లో చూస్తే ఈ పొడిగింపు వల్ల పోయేది దాదాపు ఏమీ లేదు, మీకు మాత్రం రెండు సెలవు రోజులు, ఆఖరున ఒక సగం రోజు వెసులుబాటు దొరుకుతాయి. గడువు అడిగేటప్పుడు మీ క్యాలెండర్ ఒక్కటే కాక, చూసేవారి పనిదినాలను కూడా పక్కన పెట్టుకుని తేదీ ఎంచుకోవాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

లెక్క వేసిన తర్వాత ఒక్కోసారి తక్కువ పడేది గంటో గంటన్నరో అని తేలుతుంది. అలాంటప్పుడు అడగకండి. ఐచ్ఛికమని రాసిన భాగాన్ని వదిలేసి, వదిలేసినట్టు రీడ్‌మీలో చెప్పి వేళకు పంపేయడమే మంచిది.

## 3. కారణాన్ని ఎంత చెప్పాలి

ఆఫీసు పని అనగానే అది తప్పనిదని అవతలివారు నమ్మాలంటే మూడు సంగతులు చాలు: ఏ రకం పని, ఏ రోజుల్లో, అది మీ చేతిలో ఎందుకు లేదు. గురువారం రాత్రికి ముందుకు జరిగిన ప్రొడక్షన్ రిలీజుకు నేను బాధ్యుడిని అన్న ఒక్క వాక్యంలో ఈ మూడూ వచ్చేస్తాయి. ఆన్‌కాల్ డ్యూటీ, ఆడిట్ గడువు, బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో మార్చి 31 ఆర్థిక సంవత్సరాంతపు పని, నోటీసు పీరియడ్‌లో ఉన్నవారికి ముందే ఖాయమైన కేటీ సెషన్లు కూడా ఇలాంటివే. ఇవన్నీ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి వివరణ లేకుండానే అర్థమవుతాయి.

ఈ వారం ఆఫీసులో చాలా బిజీగా ఉన్నాను అన్న వాక్యం మాత్రం పనికిరాదు. ఉద్యోగం చేస్తూ అసైన్‌మెంట్ రాసే ప్రతి అభ్యర్థీ బిజీగానే ఉంటారు కనుక, అది మీ ఒక్కరికీ ప్రత్యేకమైన కారణంగా వినిపించదు.

చెప్పకూడనివి మరింత ముఖ్యం. క్లయింటు పేరు, ప్రాజెక్టు పేరు, రిలీజులో ఏమి వెళుతోంది, ఏమి చెడిపోయింది అన్నవి మీ ప్రస్తుత కంపెనీతో మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం కిందికి వస్తాయి. మేనేజర్ పంపిన మెయిల్‌ను రుజువుగా ఫార్వర్డ్ చేయడం, రిలీజు క్యాలెండర్ స్క్రీన్‌షాట్ పెట్టడం అసలే చేయకండి. రుజువు ఎవరూ అడగరు. పైగా ఇప్పటి కంపెనీ లోపలి సంగతులను ఇంత తేలిగ్గా బయటపెట్టే మనిషి రేపు మన సంగతులనూ బయటపెడతారని చూసేవారికి అనిపిస్తుంది.

మా మేనేజరుకు ప్లానింగ్ తెలియదు, చివరి నిమిషంలో అన్నీ మారుస్తారు అన్న ఫిర్యాదును కూడా రానివ్వకండి. నిజమే అయినా అది ఈ మెయిల్‌లో చోటు దక్కవలసిన విషయం కాదు.

లేని కారణం కల్పించవద్దని వేరే చెప్పాలా అనిపించవచ్చు గాని, చెప్పాలి. ఆఫీసు పని అంటే ఒప్పుకోరేమోనని ఇంట్లో ఎవరికో బాగాలేదని రాసేవారు ఉన్నారు. తర్వాతి రౌండులో ప్యానెల్‌లో ఒకరు మర్యాదగా, ఇప్పుడు వారి ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడుగుతారు. అక్కడ తడబడితే అసైన్‌మెంట్ ఎంత బాగున్నా ఆ తడబాటే గుర్తుండిపోతుంది. నిజమైన కారణం చెప్పినవారిని మాత్రం, రిలీజు ఎలా జరిగింది అని అడుగుతారు. ఆ ప్రశ్న మీకు మేలే చేస్తుంది.

## 4. ఎవరికి, ఎప్పుడు, ఏ దారిలో

అసైన్‌మెంట్ ఎవరు పంపారో వారికే, ఆ మెయిల్‌కే జవాబుగా రాయండి. కొత్త మెయిల్ మొదలుపెడితే రిక్రూటర్ పాత గడువును, అసైన్‌మెంట్ పేరును వెతుక్కోవలసి వస్తుంది. కన్సల్టెన్సీ ద్వారా వచ్చినదైతే కన్సల్టెన్సీ వారికే రాయాలి. వారిని దాటి కంపెనీ మేనేజరుకు నేరుగా రాస్తే వారిద్దరి మధ్య ఇబ్బంది వచ్చి, నష్టం మీకే మిగులుతుంది. అయితే కన్సల్టెన్సీ వారికి ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, మెయిల్ కూడా పెట్టండి. నోటిమాటగా చెప్పిన తేదీ కంపెనీకి చేరేలోపు మారిపోవచ్చు.

పని పడిందని తెలిసిన రోజే అడగండి. మన ఉదాహరణలో మంగళవారం పదకొండింటికి తెలిసింది; భోజన విరామంలో సొంత ఫోన్ నుంచి, సొంత మెయిల్ నుంచి పంపేయవచ్చు. అప్పటికి గడువుకు మూడు రోజులకు పైగా ఉంది. రిక్రూటర్ ఆ ఇంజనీరును అడిగి, స్లాటు మార్చి, బుధవారంలోగా మీకు చెప్పగలరు. గురువారం రాత్రి అడిగితే ఆ వీలు ఎవరికీ ఉండదు.

ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్, ఆఫీసు చాట్ వీటిలో ఏదీ ఈ వ్యవహారానికి వాడకండి.

వాట్సాప్‌లో రిక్రూటర్ ముందు నుంచీ మాట్లాడుతుంటే, మెయిల్ పెట్టిన తర్వాత అక్కడ ఒక్క వాక్యం చాలు: గడువు విషయమై మెయిల్ పంపాను, వీలు చూసుకుని చూడగలరు. అసలు అభ్యర్థన వాట్సాప్‌లో పెట్టకండి, దాన్ని ప్యానెల్‌కు ఫార్వర్డ్ చేయడం వారికి ఇబ్బంది.

## 5. మెయిల్ రాయడం

ఉద్యోగ వ్యవహారాల్లో మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది. అయినా ముందు విషయాన్ని తెలుగులో సరిగ్గా పేర్చుకుంటే, ఆ తర్వాత ఇంగ్లీషులో చిన్న వాక్యాలుగా రాయడం తేలిక. క్రమం ఇలా ఉండాలి: ఏం అడుగుతున్నారో ముందు, ఎందుకో తర్వాత, ఇప్పటిదాకా ఏం చేశారో ఆ తర్వాత, కుదరకపోతే ఏం చేస్తారో చివర.

మన డెవలపర్ మంగళవారం పంపవలసిన మెయిల్ సారాంశం ఇది:

> నమస్కారం అండి.
>
> బ్యాకెండ్ అసైన్‌మెంట్ గడువును ఈ శుక్రవారం సాయంత్రం 6 గంటల నుంచి సోమవారం ఉదయం 10 గంటలకు, భారత కాలమానం ప్రకారం, మార్చగలరా అని అడగడానికి రాస్తున్నాను.
>
> నేను బాధ్యత వహిస్తున్న ఒక ప్రొడక్షన్ రిలీజు వచ్చే వారం నుంచి ఈ గురువారం రాత్రికి మారినట్టు ఈ ఉదయమే తెలిసింది. దానివల్ల గురువారం, శుక్రవారం అసైన్‌మెంట్ మీద పనిచేయలేను.
>
> అసైన్‌మెంట్ చదివి, డేటా నమూనా సిద్ధం చేసుకున్నాను; మిగిలినది శని, ఆదివారాల్లో పూర్తి చేస్తాను.
>
> సోమవారం వీలుకాకపోతే, శుక్రవారం సాయంత్రానికి బుకింగ్ భాగాన్ని దాని టెస్టులతో పంపి, మిగిలినది ఎలా చేసేవాడినో రాసి ఇస్తాను. తర్వాతి రౌండుకు తేదీ ఇప్పటికే అనుకుని ఉంటే, దానికి అనుగుణంగా నడుచుకుంటాను.
>
> ధన్యవాదాలు.

ఇందులో ఒక్కో వాక్యం ఎందుకుందో చూడండి. మొదటి వాక్యంలో పాత గడువు, కొత్త గడువు, వేళ, కాలమానం అన్నీ ఉన్నాయి కనుక రిక్రూటర్ మళ్లీ ఏమీ అడగనక్కరలేదు. ఈ ఉదయమే తెలిసింది అన్న మాట మీరు వెంటనే రాశారని చూపిస్తుంది. పని మొదలైందని చెప్పడం వల్ల, ముట్టుకోకుండా వాయిదా వేస్తున్నారన్న అనుమానం రాదు. అయితే చేయని పని చేశానని మాత్రం రాయకండి. కమిట్ తేదీలు వారికి కనిపిస్తాయి.

చివరి భాగానికి నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇస్తాను. కుదరదని చెప్పవలసిన స్థితిలో ఉన్న రిక్రూటరుకు అది దారి చూపిస్తుంది. ఆ వాక్యం లేకపోతే వారి ముందు అవును, కాదు అన్న రెండే జవాబులుంటాయి. అది ఉంటే మధ్యలో మూడోది దొరుకుతుంది. ఏ భాగం ముందు ఇస్తారో పేరు పెట్టి చెప్పడం అవసరం. ఎంతవరకైతే అంతవరకు పంపుతాను అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

క్షమాపణ ఒక్కసారి చాలు, అసలు లేకపోయినా తప్పు లేదు. నాలుగు వాక్యాల మెయిల్‌లో మూడుసార్లు క్షమించమంటే, అడిగిన విషయం వెనక్కి వెళ్లిపోతుంది.

## 6. పంపిన తర్వాత జవాబు వచ్చేదాకా

జవాబు వచ్చేవరకు పాత గడువే గడువు. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. మెయిల్ పంపగానే మనసు తేలికపడి మంగళవారం రాత్రి రెండు గంటలూ వదిలేస్తే, బుధవారం కుదరదన్న జవాబు వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు.

అందుకే ఆ రాత్రి నుంచే పనిని కుదరకపోతే పంపే భాగం ముందుకు వచ్చేలా పేర్చుకోండి. మన ఉదాహరణలో ఒకే గదికి రెండు బుకింగులు పడకుండా చూసే భాగం, దాని టెస్టులు ముందు. గదుల జాబితా చూపించడం, వెతకడం లాంటివి తర్వాత. చూసే ఇంజనీరు ముందుగా తెరిచేది కూడా ఆ చిక్కుముడి భాగమే.

మంగళవారం మధ్యాహ్నం పంపిన మెయిల్‌కు బుధవారం మధ్యాహ్నానికి జవాబు రాకపోతే, అదే థ్రెడ్‌లో రెండు వాక్యాలు రాసి, ఆ తర్వాత ఒకసారి ఫోన్ చేయండి. ఫోన్‌లో కారణమంతా మళ్లీ చెప్పనక్కరలేదు: నమస్తే అండి, నిన్న గడువు గురించి మెయిల్ పెట్టాను, రేపటి నుంచి నేను రిలీజు పనిలో ఉంటాను కనుక ఈ రోజే మీ నిర్ణయం తెలిస్తే దాని ప్రకారం పంపుతాను. ఫోన్‌లో సరేనంటే, వెంటనే మీరే మెయిల్‌లో, మీరు ఫోన్‌లో చెప్పినట్టు సోమవారం ఉదయం పదింటికి పంపుతాను అని రాసి ఉంచండి.

ఎటువైపు నుంచీ జవాబు రాకపోతే మౌనాన్ని అంగీకారంగా తీసుకోకండి. పాత గడువుకు ఉన్నంతవరకు పంపవలసిందే.

## 7. వచ్చిన జవాబును బట్టి

సరేనంటే. ధన్యవాదాలు చెబుతూ కొత్త తేదీ, వేళ మరోసారి రాయండి. లింకు అయితే దానిలోని గడువు కూడా మారిందో లేదో అప్పుడే చూడండి. మెయిల్‌లో సోమవారం అని ఒప్పుకుని, వేదికలో శుక్రవారమే ఉండిపోవడం జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం లింకు మూసుకుపోయాక ఎవరూ ఫోన్‌లో దొరకరు.

కొంతే ఇస్తామంటే. శనివారం రాత్రి వరకు ఇస్తామన్నారనుకోండి. మీ లెక్క ముందు పెట్టుకోండి. శనివారం సాయంత్రం దొరికే రెండు గంటలతో ఏది పూర్తవుతుందో చూసి, ఒప్పుకుంటూనే ఏది ఉండదో చెప్పండి. బేరం ఆడకండి.

కుదరదంటే. నిరాశ కనబడనివ్వకుండా, మెయిల్‌లో చెప్పిన ప్రకారం ఆ భాగాన్ని బుధవారం రాత్రికే సిద్ధం చేసి, గురువారం రిలీజులోకి వెళ్లకముందే పంపేయండి. శుక్రవారం సాయంత్రం పంపుదామని ఉంచుకుంటే రిలీజు సాగి సాగి అది మిస్సయ్యే ప్రమాదం ఉంది. రీడ్‌మీ మొదట్లో మూడు శీర్షికలు పెట్టండి: ఏమి పూర్తయింది, ఏమి లేదు, లేనిదాన్ని ఎలా చేసేవారు. మూడోది నాలుగైదు వాక్యాల్లో, ఏ పట్టిక, ఏ ఇండెక్సు, ఏ పరీక్ష అన్నంత స్పష్టంగా ఉండాలి.

పంపిన కోడ్‌కు ఒక ట్యాగ్ పెట్టడం మంచిది. సెలవు రోజుల్లో మిగిలినది పూర్తి చేసినా, గడువుకు ఏది ఇచ్చారో చూసేవారికి విడిగా తెలుస్తుంది.

```
git tag submission-1
git push origin submission-1
```

ఆ తర్వాతి పనిని వేరే బ్రాంచిలో చేసి, సోమవారం ఒక్క వాక్యంలో తెలియజేయవచ్చు. చూడడం చూడకపోవడం వారి ఇష్టం. గడువు తర్వాత పాత బ్రాంచినే మార్చడం మాత్రం తప్పు.

## 8. తరచుగా కనిపించే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

గడువుకు గంటల ముందు అడగడం. ఇప్పటికే ఆలస్యమైతే, అడిగే మెయిల్‌తోపాటు ఉన్న కోడ్ కూడా జతచేయండి. ఉత్త అభ్యర్థన కంటే, ఇదిగో ఇంతవరకు అయింది, మిగిలినదానికి సోమవారం వరకు వీలుంటుందా అన్న అభ్యర్థనను ఒప్పుకోవడం తేలిక.

రోజు చెప్పి వేళ చెప్పకపోవడం. సోమవారం అంటే మీకు సోమవారం అర్ధరాత్రి, వారికి సోమవారం ఉదయం కావచ్చు. వెంటనే మరో వాక్యంలో వేళ రాసి పంపండి, సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

సరిగ్గా సరిపోయేంత గడువు అడగడం. ఆదివారం రాత్రికి పూర్తవుతుందని ఆదివారం రాత్రికే అడిగితే, రిలీజు శనివారం దాకా సాగినప్పుడు మళ్లీ అడగవలసి వస్తుంది. కనీసం సగం రోజు కలుపుకుని ఒకేసారి అడగండి. అలాగని అవసరం మూడున్నర గంటలైతే వారం అడగకూడదు. అంత గడువులో వచ్చే కోడ్‌ను చూసేవారు వేరే కొలతతో చూస్తారు, మిగతా అభ్యర్థులతో పోల్చడమూ వారికి కష్టమవుతుంది.

అదనపు గడువుకు బదులుగా అదనపు హంగులు చేర్చడం. వేళ ఎక్కువ ఇచ్చారు కదా అని అడగని లాగిన్ వ్యవస్థ, అడగని తెరలు చేర్చేవారు ఉన్నారు. అడిగినదాన్నే శుభ్రంగా ఇవ్వండి. నేను అసైన్‌మెంట్లు చూసేటప్పుడు అడగని హంగులకు మార్కులు వేయలేదు, వాటిలో దొరికిన తప్పులకు మాత్రం ప్రశ్నలు అడగవలసి వచ్చింది.

## 9. పంపే ముందు చూసుకోవలసిన జాబితా

- జవాబు పాత మెయిల్ థ్రెడ్‌లోనే ఉంది, సొంత మెయిల్ నుంచి వెళుతోంది.
- పాత గడువు, కొత్త గడువు, వేళ, కాలమానం మొదటి వాక్యంలోనే ఉన్నాయి.
- కొత్త గడువు చూసేవారి పనిదినం మొదట్లో పడుతోంది.
- కారణం ఒకటి రెండు వాక్యాల్లో ఉంది. క్లయింటు పేరు, ప్రాజెక్టు పేరు, ఫిర్యాదు లేవు.
- ఇప్పటివరకు చేసినది నిజంగా చేసినదే.
- కుదరకపోతే ఏ భాగం, ఏ వేళకు పంపుతారో పేరు పెట్టి ఉంది.
- మెయిల్ ఫోన్ తెరపై పెద్దగా జరపకుండానే చదివేయగలిగేంత పొట్టిగా ఉంది.

## 10. రెండోసారి అడగవలసి వస్తే, గడువు ఇప్పటికే దాటిపోతే

గురువారం రాత్రి జరగవలసిన రిలీజు ఆగిపోయి శనివారం రాత్రికి మారిందనుకుందాం. ఇది ప్రొడక్షన్ పనిలో అరుదు కాదు. అలాంటప్పుడు ముందు లెక్క తిరగవేయండి: గురువారం రాత్రి, శుక్రవారం సాయంత్రం ఖాళీ అయ్యాయి, శని, ఆదివారాలు పోయాయి. ఖాళీ అయిన వేళల్లోనే మూడున్నర గంటల పని పట్టవచ్చు. రిలీజు మారిందన్న వార్త వినగానే మళ్లీ గడువు అడగకుండా, ముందు ఆ రాత్రే కూర్చుని చూడండి.

అప్పటికీ కుదరకపోతే రెండోసారి పొడిగింపు అడగడం నాకు సమ్మతం కాదు. ఒప్పుకున్న సోమవారం ఉదయానికి ఉన్నది పంపి, ఏది లేదో రీడ్‌మీలో రాసి, దాని గురించి తర్వాతి రౌండులో మాట్లాడడానికి సిద్ధంగా ఉన్నానని చెప్పండి. మొదటి పొడిగింపును రిక్రూటర్ మీ తరఫున మరొకరి దగ్గర అడిగి తెచ్చారు. రెండోసారి అదే పని చేయమంటే మీ పక్షాన మాట్లాడే ఆ ఒక్కరినీ ఇరకాటంలో పెట్టినట్టవుతుంది.

రిలీజు రాత్రి ఏదో చెడిపోయి, ఫోన్ చూసుకునే తీరిక కూడా లేక, గడువు దాటిన తర్వాతే గుర్తొచ్చిందనుకోండి. అప్పుడు పొడిగింపు అడగడం కుదరదు. దాటిన గడువుకు చేయవలసింది వేరు: ఉన్న కోడ్ వెంటనే పంపడం, గడువు దాటిందని మొదటి వాక్యంలో ఒప్పుకోవడం, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు పనిలో ఉన్నారో ఒక్క వాక్యంలో చెప్పడం, దీన్ని స్వీకరించగలరా అని అడగడం. ఇంకా పూర్తి చేసి పంపుదామని మరో రోజు ఆగకండి. లింకు మూసుకుపోతే రిపోజిటరీ లింకునో జిప్ ఫైలునో మెయిల్‌కు జతచేసి, కొత్త లింకు ఇస్తే అందులోనూ పెడతానని రాయండి. స్వీకరించలేమంటే, మళ్లీ ఈ పోస్టుకో ఇలాంటి పోస్టుకో ఎంత కాలం తర్వాత దరఖాస్తు చేయవచ్చో అడిగి తెలుసుకోండి. చాలా కంపెనీలకు ఇందుకు ఒక నిర్ణీత విరామం ఉంటుంది, అది రిక్రూటరుకు తెలిసి ఉంటుంది.